అక్షరాల కార్డులు, 4వ పాఠం: గీత మందం

పోయినసారి ఈగ, ఏనుగు గీయమన్నాను కదా, మీరు పంపిన జతల్లో చాలావాటిలో ఒకటే ఇబ్బంది కనిపించింది. విడివిడిగా చూస్తే రెండూ ముద్దుగానే ఉన్నాయి, పక్కపక్కన పెడితే మాత్రం ఇద్దరు గీసినట్టున్నాయి. "రంగులు ఒకటే వాడాను కదండీ, మరి ఎందుకలా?" అని ఒకరు అడిగారు. తేడా రంగుల్లో లేదు, గీతల్లో ఉంది. అందుకే ఈసారి కొత్త అక్షరం జోలికి పోవట్లేదు.

మన కార్డు 100 × 140 మిల్లీమీటర్లు, అందులో బొమ్మకి 80 మిల్లీమీటర్ల చదరం, గీత 1.2 మిల్లీమీటర్లు. మీరు ఈగని 40లో గీసి రెండింతలు చేశారు, ఏనుగుని 160లో గీసి సగానికి తగ్గించారు. బొమ్మతో పాటు గీత కూడా మారిపోయి ఈగకి 2.4, ఏనుగుకి 0.6 అయింది. అంటే ఈగ గీత ఏనుగు గీతకి నాలుగింతలు!

ఇంక్‌స్కేప్‌లో అయితే `Edit > Preferences > Behavior > Transforms` లోకి వెళ్లి `Scale stroke width` దగ్గర టిక్ తీసేయండి. ఇక బొమ్మని ఎంత సాగదీసినా గీత 1.2 గానే ఉంటుంది. ఇప్పటికే పాడైన బొమ్మలకి అన్ని గీతల్నీ ఎంచుకుని `Stroke style` లో మళ్లీ 1.2 ఇవ్వండి.

ఇక్కడే చాలామంది పడిపోతారు, నాకు చిరాకు తెప్పించేదీ ఇదే: సైజు ఖాయం కాకముందే `Stroke to Path` నొక్కేయడం. అది నొక్కాక గీత గీతగా ఉండదు, రంగు నింపిన ఆకారం అయిపోతుంది, దానికి పైన చెప్పిన సెట్టింగ్ పనిచేయదు. కళ్లదీ అదే కథ, అవి మొదటి నుంచీ నింపిన వృత్తాలే కాబట్టి బొమ్మతో పాటు పెరిగి తరిగిపోతాయి. నేనైతే కళ్లు ముందు పెట్టను. బొమ్మ 80కి సరిపోయాక 5 మిల్లీమీటర్ల నల్ల వృత్తం, దానిలో కుడివైపు పైన చిన్న తెల్ల చుక్క, ఇదే కన్నుని కాపీ చేసి ప్రతి ప్రాణికీ అతికిస్తాను. ఓడకీ ఊయలకీ కళ్లు పెట్టను, వాటికి మూలలు గుండ్రంగా చేస్తే చాలు.

ఒక్క జాగ్రత్త. తగ్గించినప్పుడు గీత సన్నబడదు కాబట్టి దగ్గరదగ్గరగా ఉన్న గీతలు కలిసిపోతాయి. ఏనుగు కాలికి ఐదు గోళ్లు గీసినవాళ్లకి అక్కడ నల్లటి ముద్ద మిగులుతుంది, మూడు ఉంచి మిగతావి తీసేయండి. తొండం మీది ముడతలు కూడా రెండు చాలు.

నేపథ్యం గురించి కొత్తగా చెప్పేదేం లేదు, అన్నిటికీ అదే లేత మీగడ రంగు, నీడలు వద్దు.

వచ్చే పాఠానికి ఉడుత, ఊయల, ఎలుక, ఒంటె, ఓడ గీసి, ఈగ, ఏనుగులతో కలిపి ఏడూ అసలు సైజులో ప్రింట్ తీయండి. గోడకి వరసగా అంటించి, రెండు మీటర్ల దూరం నుంచి కళ్లు సగం మూసి చూడండి. ఏదైనా ఒకటి మిగతావాటికన్నా నల్లగా ముందుకొచ్చినట్టో, వెలిసిపోయినట్టో అనిపిస్తే దాని గీత కొలిచి చూడండి, ఉడుత తోక దగ్గర మరీ ముఖ్యంగా.