ఐసీడీ ఎవరికి? మూడవ పాఠం: గుండెపోటు తరువాత ఎంతకాలం ఆగాలి

ఇంతవరకు ప్రాణాంతకమైన లయభంగం ఒక్కసారి కూడా రాని వ్యక్తికి, రావచ్చునన్న అంచనాతో ముందుగానే ఐసీడీని, అంటే ప్రమాదకరమైన లయను గుర్తించి షాక్‌తో సరిచేసే పరికరాన్ని, శరీరంలో అమర్చడాన్ని ప్రాథమిక నివారణ అంటారని గత పాఠంలో చూశాము. ఈ పాఠంలో ఒకే రోగిని తీసుకుని, నిర్ణయం ఏ రోజున తీసుకోవాలో పరిశీలిద్దాం.

58 ఏళ్ల వ్యక్తికి గుండె ముందు గోడను దెబ్బతీసిన గుండెపోటు వచ్చి, అదే రోజు స్టెంట్ వేశారు. ఐదవ రోజు ఎకోలో ఎజెక్షన్ ఫ్రాక్షన్, అంటే ఎడమ జఠరిక ప్రతి స్పందనలో బయటికి పంపే రక్తపు వాటా, 28 శాతంగా తేలింది. ప్రమాదం కళ్లెదుటే ఉంది కనుక ఇప్పుడే పరికరం పెట్టించాలని కుటుంబం కోరడం సహజం.

సమాధానం: ఇప్పుడు కాదు. 2004లో వెలువడిన డైనమిట్ అధ్యయనంలో గుండెపోటు వచ్చిన 6 నుంచి 40 రోజుల లోపు, ఎజెక్షన్ ఫ్రాక్షన్ 35 శాతం లేదా అంతకంటే తక్కువ ఉన్నవారిలో కొందరికి ఐసీడీ అమర్చారు. లయభంగం వల్ల సంభవించే మరణాలు సగానికి పైగా తగ్గినా, ఇతర కారణాల మరణాలు పెరగడంతో మొత్తం మరణాలలో తేడా మిగలలేదు. తొలి వారాలలో గుండె గోడ చిట్లడం, మళ్లీ గుండెపోటు రావడం, పంపు శక్తి క్షీణించడం కూడా ప్రాణం తీస్తాయి. వీటిని షాక్ ఆపలేదు. పైగా ఐదవ రోజు కనిపించే బలహీనతలో కొంత, రక్తప్రసరణ తిరిగి అందినా ఇంకా తేరుకోని కండరానిది.

అందువల్ల గుండెపోటు తరువాత కనీసం 40 రోజులు, స్టెంట్ లేదా బైపాస్ జరిగితే సుమారు 3 నెలలు ఆగి, ఆ లోపు బీటా బ్లాకర్ వంటి మందులను రక్తపోటు తట్టుకున్నంత మేర పెంచి, తిరిగి ఎకో చేయాలి. పాత ఎకో ఆధారంగా సిఫారసు రాయడం ఆచరణలో తరచుగా కనిపించే పొరపాటు.

మూడు నెలల తరువాత ఆ రోగి ఎజెక్షన్ ఫ్రాక్షన్ 42 శాతానికి చేరితే ఐసీడీ అవసరం లేదు. 35 శాతం పరిమితికి లోపు, ఉదాహరణకు 33 శాతం వద్ద ఆగి, మెట్లెక్కితే ఆయాసం వస్తుంటే, ఒక సంవత్సరానికి మించి మంచి స్థితిలో జీవించే అవకాశం ఉన్నంతవరకు అమర్చడం సముచితం. ఈ షరతును నేను ముఖ్యమైనదిగా భావిస్తాను, ఎందుకంటే ముదిరిన క్యాన్సర్ ఉన్నవారికి పరికరం మరణ విధానాన్ని మార్చగలదే తప్ప ఆయుష్షును పెద్దగా పెంచదు.

2002లో ప్రచురితమైన మాడిట్-2 అధ్యయనం, గుండెపోటు వచ్చి నెల దాటి, ఎజెక్షన్ ఫ్రాక్షన్ 30 శాతం లేదా అంతకంటే తక్కువ ఉన్నవారిని, లక్షణాలు ఉన్నాయా లేవా అని చూడకుండా చేర్చుకుంది. సగటున 20 నెలల్లో మరణాలు ఐసీడీ అమర్చనివారిలో 19.8 శాతం, అమర్చినవారిలో 14.2 శాతం.

అభ్యాసం: అదే రోగికి మూడు నెలల తరువాత 33 శాతమే ఉండి, ఏ పని చేసినా ఆయాసం రాకపోతే ఏమి చేయాలి? ఆయన మాడిట్-2 పరిధిలోకి రారు; 35 శాతం పరిమితి ఆయాసం ఉన్నవారికి వర్తించేది. మందులు కొనసాగించి, ఎకో మళ్లీ చేయించాలి.