ముగింపు లేని వ్యాసానికి మార్కులు

పర్లాకిమిడి వైపు తెలుగు ట్యూషన్లలో మాదిరి పరీక్షలు దిద్దేవాళ్లకు తరచూ వచ్చే తంటా ఇది: మొదటి సగం బాగుంటుంది, టైమ్ అయిపోయి వ్యాసం మధ్యలో ఆగిపోతుంది. ఎన్ని వేయాలి?

ముందు 20 మార్కులను విషయానికి 10, అమరికకు 5, భాషకు 5గా విడగొట్టండి. ముగింపు లేని లోటును అమరికలోనే, ఒక్కసారే కోయండి. చాలామంది అదే తప్పుకు మూడు చోట్లా కోసేస్తారు, అక్కడే అన్యాయం.

ఉదాహరణకు ‘మహేంద్రతనయ వరదలు: కారణాలు, జాగ్రత్తలు’ అనే ప్రశ్న. కారణాలు చక్కగా రాశాడు, 5కి 5. జాగ్రత్తల్లో ఒక్కటే రాసి వాక్యం మధ్యలో ఆపేశాడు, 5కి 2. అమరిక 3. భాషను రాసినంత మేరకే చూసి 4 ఇవ్వండి, తెగిన ఆఖరి వాక్యాన్ని తప్పుగా లెక్కపెట్టకండి. మొత్తం 14. ఆగినచోట గీత గీసి ‘సమయం చాలలేదు’ అని రాస్తే పిల్లాడికీ అర్థమవుతుంది.

రాయబోయేది ఊహించి మాత్రం మార్కు వేయకూడదు. బోర్డు ఇచ్చిన మూల్యాంకన పత్రంలో ముగింపుకు విడిగా మార్కులుంటే ఈ లెక్క పనికిరాదు, దాని ప్రకారమే వేయాలి.