బోరునీటిలో ఇనుము కొలిచే ముందు జాగ్రత్తలు

చిత్తూరు వైపు బోరునీటిని, పంపు వేసి కాసేపు వదిలాక, ఆమ్లం వేసిన సీసాలో పట్టాలి; లేకుంటే ఇనుము తుప్పుగా అడుగుకు దిగి లెక్కకు అందదు.

రంగునిచ్చే కారకమైన ఫినాంత్రోలిన్ ఫెర్రస్ ఇనుముతోనే నారింజ-ఎరుపు రంగునిస్తుంది కనుక, దానికి ముందే, ఫెర్రిక్ ఇనుమును ఫెర్రస్‌గా మార్చే హైడ్రాక్సిలమీన్ కలపాలి. తర్వాత అసిటేట్ బఫర్ మరువరాదు.

నమూనాకే తెలిసిన మోతాదుల్లో ఇనుము చేర్చి, రంగు పెరుగుదలను గీతగా గీసే ప్రామాణిక చేర్పుల పద్ధతి నీటిలోని లవణాల వల్ల గీత వాలు మారడాన్ని సరిచేస్తుందే గాని, కారకాల్లోని ఇనుమును, నీటి సొంత మసకను తొలగించదు. అందుకే ఆ రెండింటి వల్ల వచ్చే విలువలను, అంటే బ్లాంకులను, ముందే తీసివేయాలి.

25 మి.లీ. నీటిని 50 మి.లీ.కు పెంచి 510 నానోమీటర్ల వద్ద కాంతి శోషణ చూస్తే 0.130, అదే ఫ్లాస్కులో లీటరుకు 1 మి.గ్రా. ఇనుము చేరిస్తే 0.310 వచ్చాయనుకుందాం. బ్లాంకుల మొత్తం 0.022 అయితే, మిగిలిన 0.108ని, ఆ రెండు కొలతల తేడా అయిన వాలు 0.180తో భాగించగా 0.60, పలుచనను లెక్కిస్తే లీటరుకు 1.2 మి.గ్రా. బ్లాంకు మరిస్తే 1.44 వస్తుంది, గీత మాత్రం అంతే తిన్నగా ఉంటుంది.