కవరింగ్ లెటర్‌లో నేను మార్చిన ఒక్క పేరా

కార్ల విడిభాగాలు పోతపోసే ఫౌండ్రీలో క్వాలిటీ ఇంజినీరు ఉద్యోగానికి నేను రాసిన మొదటి లేఖ నిండా చదివిన సబ్జెక్టుల పేర్లే ఉండడంతో జవాబు రాలేదు. ఆ పేరా తీసేసి, చివరి సంవత్సరం ప్రాజెక్టులో చూసిన ఒక్క లోపాన్ని వివరించాను. డక్టైల్ ఐరన్ అనే పోత ఇనుముకు మెగ్నీషియం కలిపిన వెంటనే పోసిన ముక్కలో గ్రాఫైట్ గుండ్రంగా ఏర్పడగా, 12 నిమిషాలు ఆగి పోసిన ముక్కలో, మెగ్నీషియం క్రమంగా తగ్గిపోవడం వల్ల, ఆకారం చెడి, గుండ్రని గ్రాఫైట్ వాటాను చెప్పే నాడ్యులారిటీ 90 శాతం నుంచి 70కి పడిపోయింది. కాబట్టి నమూనాను కరిగిన లోహాన్ని మోసే లాడిల్ నుంచి చివరగా పోసిన లోహంలోంచే తీసి, పాలిష్ చేసి, ఆమ్లంతో చేసే ఎచింగ్‌కు ముందే మైక్రోస్కోపు కింద చూడాలని రాశాను. ఇదంతా కళాశాల కొలిమిలో చేసిన చిన్న ప్రయోగమేనని దాచలేదు. ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న, ఆ 12 నిమిషాలను ఎప్పటి నుంచి లెక్కించారన్నదే. మెగ్నీషియం చర్య ముగిసిన క్షణం నుంచి అన్నాను.