బుల్ కాల్ స్ప్రెడ్, లాంగ్ స్ట్రాడిల్: ఎక్స్‌పైరీ గ్రాఫ్, బ్రేక్ ఈవెన్ తప్పు లేకుండా గీయడం ఎలా?

గ్రాఫ్ పేపరు, పెన్సిలు, స్కేలు, రబ్బరు ఉంటే చాలు. గుంటూరు బ్రాడీపేటలో ఏ స్టేషనరీ కొట్టుకెళ్లినా దొరుకుతాయి. ఫోన్‌లో యాప్ గీసి చూపిస్తుంటే మళ్లీ ఇదెందుకని అడిగేవాళ్లు చాలామందే ఉన్నారు. యాప్ చాలాసార్లు రెండు గీతలు చూపిస్తుంది, ఒకటి ఈరోజుది, రెండోది ఎక్స్‌పైరీ రోజుది. చేత్తో ఒక్కసారి కూడా గీయనివాళ్లు ఈరోజు గీత సున్నాని దాటిన చోటు చూసి అదే లాభమూ నష్టమూ లేని బ్రేక్ ఈవెన్ అనుకుని పొజిషన్ తీసుకుంటారు. అందుకే నా దగ్గర నేర్చుకోవాలంటే ముందు కాగితం, తర్వాతే యాప్.

అడ్డంగా ఎక్స్‌పైరీ రోజు నిఫ్టీ ఎక్కడ ముగుస్తుందో వేయండి, నిలువుగా లాభనష్టాలు వేయండి. నిలువు గీత మీద రూపాయలు కాదు, పాయింట్లే వేయాలి. లాట్ సైజును ఎన్ఎస్ఈ అప్పుడప్పుడూ మారుస్తుంది కాబట్టి ఆ గుణకారం చివర్లో ఒక్కసారి చేసుకుంటే సరిపోతుంది, మొదటే రూపాయల్లోకి దిగితే అంకెలు పెద్దవైపోయి తప్పు ఎక్కడ జరిగిందో కనపడదు.

ఉదాహరణకి అంకెలు ఇలా అనుకుందాం. నిఫ్టీ 24,000 దగ్గరుంది. 24,000 కాల్ ప్రీమియం 210, 24,300 కాల్ 90, 24,000 పుట్ 170. అన్నీ ఒకే ఎక్స్‌పైరీవి. స్ప్రెడ్ కోసం 24,000 కాల్ కొని 24,300 కాల్ అమ్ముతాం. స్ట్రాడిల్ కోసం 24,000 కాల్, 24,000 పుట్ రెండూ కొంటాం.

ఇక అసలు విషయం. దాదాపు అందరూ తప్పు చేసేది ఇక్కడే, కాబట్టి నిదానంగా చదవండి.

ముందు ప్రీమియం సంగతి పూర్తిగా పక్కన పెట్టి, ఎక్స్‌పైరీ రోజు మీ చేతిలో ఉన్న ఆప్షన్ల విలువ ఎంతో ఒక గీతగా గీయండి. కాల్ విలువంటే నిఫ్టీ ముగింపు స్ట్రైక్ కంటే ఎంత పైన ఉంటే అంత, కింద ఉంటే సున్నా. పుట్‌కి అదే తిరగేసి. అమ్మిన ఆప్షన్‌కి మైనస్ పెట్టాలి. రెండు లెగ్స్, అంటే పొజిషన్‌లోని రెండు ఆప్షన్ల విలువలూ కూడేసి ఒకే గీత చేశాక, ప్రీమియం మొత్తం ఎంతయిందో చూసి ఆ గీత మొత్తాన్ని అంత కిందకి దించండి. ఒక్కసారే దించాలి. మిర్చి యార్డులో ఇచ్చేసిన బయానా లాంటిది ప్రీమియం, ధర ఎటు పోయినా అది మీ జేబులోంచి వెళ్లిపోయినట్టే, దాన్ని గీతలో ఒక చోట తీసేసి ఇంకో చోట వదిలేయడానికి లేదు.

చాలా చోట్ల ఇంకో పద్ధతి నేర్పుతారు. ఒక్కో లెగ్‌కి ప్రీమియం తీసేసి విడిగా లాభనష్టాల గీత గీసి, ఆ రెండింటినీ కలపమంటారు. లెక్క ప్రకారం అదీ సరైనదే, జవాబు కూడా అదే వస్తుంది. కానీ కాగితం మీద నాలుగు రకాల గీతలు, రెండు మూడు తప్పుడు బ్రేక్ ఈవెన్‌లు పేరుకుపోతాయి, వాటిలో ఏదో ఒకదాన్ని అసలుదనుకుని గుండ్రంగా చుట్టేస్తారు. విలువ ముందు, ప్రీమియం తర్వాత. నేను ఈ వరసలో తప్ప వేరేలా చెప్పను.

ఇంకొకటి గట్టిగా గుర్తుపెట్టుకోండి: గీత వంగేది స్ట్రైక్ దగ్గరే. బ్రేక్ ఈవెన్ దగ్గర గీత వంగదు, సున్నా గీతని తిన్నగా కోసుకుంటూ పోతుంది, అంతే. బ్రేక్ ఈవెన్ దగ్గర మూల తేలిన బొమ్మ ఎవరైనా చూపిస్తే ఇంకేం చూడక్కర్లేదు, అది తప్పు. దీనివల్ల ఒక సుఖం కూడా ఉంది. ప్రతి స్ట్రైక్ దగ్గర ఒక చుక్క, అన్నిటికంటే కింది స్ట్రైక్‌కి కింద ఒకటి, పై స్ట్రైక్‌కి పైన ఒకటి పెడితే బొమ్మ తయారైపోతుంది. యాభై చుక్కలు పెట్టి చేతులు నొప్పి పుట్టించుకోనక్కర్లేదు.

స్ప్రెడ్‌కి చుక్కలు పెడదాం. 23,900 దగ్గర రెండు కాల్స్‌కీ విలువ లేదు, సున్నా. 24,000 దగ్గరా సున్నాయే. 24,300 దగ్గర మనం కొన్న కాల్ విలువ 300, అమ్మినది సున్నా, మొత్తం 300. 24,400 దగ్గర కొన్నది 400, అమ్మినది మైనస్ 100, మొత్తం మళ్లీ 300. అంటే 24,300 దాటాక కొన్న కాల్ ఒక పాయింటు పెరిగితే అమ్మిన కాల్ ఒక పాయింటు తినేస్తుంది, గీత బల్లపరుపుగా సాగుతుంది. ఇప్పుడు ప్రీమియం. 210 ఇచ్చాం, 90 వచ్చింది, నికరంగా 120 ఖర్చు. గీత మొత్తాన్ని 120 దించితే ఎడమవైపు మైనస్ 120, కుడివైపు ప్లస్ 180.

బ్రేక్ ఈవెన్ ఎక్కడ? విలువ సరిగ్గా 120 అయ్యే చోట, అంటే 24,000కి 120 కలిపితే 24,120. కొన్న కాల్ ప్రీమియం 210 కలిపి 24,210 అని రాసేవాళ్లు అమ్మిన కాల్ వల్ల వచ్చిన 90ని మర్చిపోయారన్నమాట. పై స్ట్రైక్ నుంచి లెక్కేసేవాళ్లు ఇంకొందరు. ఎప్పుడైనా సరే కింది స్ట్రైక్‌కి నికర ఖర్చు కలపాలి. సరిచూసుకోవడానికి తేలిక దారి: గరిష్ఠ నష్టం, గరిష్ఠ లాభం కలిపితే రెండు స్ట్రైక్‌ల మధ్య దూరం రావాలి. 120, 180 కలిపితే 300. రాకపోతే గుర్తు ఎక్కడో తారుమారైంది.

స్ట్రాడిల్‌కి మూడు చుక్కలే. 23,500 దగ్గర పుట్ విలువ 500. 24,000 దగ్గర రెండూ సున్నా. 24,500 దగ్గర కాల్ విలువ 500. కలిపితే 24,000 దగ్గర మొన ఉన్న వి ఆకారం. ప్రీమియం 210, 170 కలిపి 380. వి మొత్తాన్ని 380 దించండి. మొన మైనస్ 380కి దిగుతుంది, సున్నాని రెండు చోట్ల కోస్తుంది, 24,380 దగ్గర ఒకటి, 23,620 దగ్గర ఒకటి.

ఇక్కడ జరిగే పొరపాటు మరీ ఘోరం. పైకి కాల్ ప్రీమియం కలిపి 24,210, కిందకి పుట్ ప్రీమియం తీసేసి 23,830 అని రెండు బ్రేక్ ఈవెన్‌లు రాసేస్తారు. అరండల్‌పేటలో ఉండే ఒక కుర్రాడు ఎక్స్‌పైరీ సాయంత్రం ఫోన్ చేసి, "అన్నా, నిఫ్టీ 24,250 దగ్గర ముగిసింది, కాల్ 40 లాభంలో ఉంది కదా, మొత్తం మాత్రం ఎర్రగా ఎందుకు చూపిస్తోంది?" అన్నాడు. కాల్ 40 లాభంలో ఉన్నమాట నిజమే. కానీ అదే రోజు పుట్ సున్నాకి పోయింది, 170 మొత్తం పోయినట్టే. చేతిలో ఉన్న విలువ 250, పెట్టింది 380, నష్టం 130. ఎటు కదిలినా ఒక లెగ్ పూర్తిగా చచ్చిపోతుంది, బతికిన లెగ్ రెండింటి ఖర్చూ మోయాలి. అందుకే రెండు వైపులా మొత్తం ప్రీమియమే లెక్కలోకి వస్తుంది, కాల్‌ది పైకీ పుట్‌ది కిందకీ పంచడం కుదరదు. సరిచూసుకోవాలంటే రెండు బ్రేక్ ఈవెన్‌ల మధ్య దూరం మొత్తం ప్రీమియానికి రెట్టింపు ఉండాలి, సరిగ్గా మధ్యలో స్ట్రైక్ ఉండాలి. 24,380లోంచి 23,620 తీస్తే 760, సరిపోయింది.

రెండు బ్రేక్ ఈవెన్‌ల మధ్యా నష్టం ఒకేలా ఉంటుందని అడుగు చదునుగా గీసేవాళ్లూ ఉన్నారు. గరిష్ఠ నష్టం 24,000 అనే ఒక్క చుక్క దగ్గరే. 23,700 దగ్గర ముగిస్తే నష్టం 80 మాత్రమే. చదును అడుగు స్ట్రాంగిల్‌కి ఉంటుంది, అది వేరే పొజిషన్.

కాగితం మీద వచ్చాక, కావాలంటే స్ప్రెడ్‌షీట్‌లో A2 గడిలో ఏ నిఫ్టీ ముగింపు పెడితే ఏం వస్తుందో చూసుకోండి. మొదటిది స్ప్రెడ్, రెండోది స్ట్రాడిల్:

```
=MAX(A2-24000,0)-MAX(A2-24300,0)-120
=ABS(A2-24000)-380
```

A2లో 24,200 పెట్టి చూడండి. స్ప్రెడ్‌కి ప్లస్ 80, స్ట్రాడిల్‌కి మైనస్ 180 రావాలి. నిఫ్టీ అదే, ముగింపు అదే, ఒకరికి లాభం, ఒకరికి నష్టం. కొద్దిగా పెరుగుతుందనుకునేవాడికి స్ట్రాడిల్ పనికిరాదని నేను ఎందుకంటానో ఈ రెండు అంకెల్లోనే ఉంది. ఎటైనా సరే గట్టిగా, ఇక్కడైతే 380 పాయింట్ల పైన కదులుతుందనుకుంటేనే దాని జోలికి పోవాలి.

ఇప్పుడు లాట్. 65 అనుకుంటే స్ప్రెడ్‌లో ఎక్కువలో ఎక్కువ పోయేది 7,800 రూపాయలు, వచ్చేది 11,700. స్ట్రాడిల్‌లో పోగలిగేది 24,700. మీరు కొనే కాంట్రాక్టు లాట్ ఎంతో చూసి ఆ అంకెతో గుణించుకోండి. బ్రోకరేజీ, ఎస్టీటీ, జీఎస్టీ లాంటివి ఇందులో లేవు. వాటిని కూడా లాట్‌తో భాగించి పాయింట్లలోకి మార్చి ప్రీమియంకి కలిపితే అసలు బ్రేక్ ఈవెన్ ఇంకాస్త దూరం జరుగుతుంది. చిన్న చిన్న స్ప్రెడ్‌లు వేసేవాళ్లకి ఆ కాస్త తేడాయే లాభాన్ని మింగేస్తుంది, దాన్ని వదిలేయొద్దు.

ఈ బొమ్మ ఎక్స్‌పైరీ ముగింపుకి మాత్రమే నిజం. మధ్యలో నిఫ్టీ 24,300 దాటినా స్ప్రెడ్‌లో 180 రాదు, ఎందుకంటే అమ్మిన కాల్‌లో ఇంకా టైమ్ వాల్యూ మిగిలి ఉంటుంది. స్ట్రాడిల్ దానికి ఎదురు: ఎక్స్‌పైరీకి ముందు గీత కాస్త పైనే ఉంటుంది, రోజులు గడిచేకొద్దీ వి లోకి జారుతుంది. బడ్జెట్, ఎన్నికల ఫలితాల ముందు కొంటే ప్రీమియంలు అప్పటికే ఉబ్బి ఉంటాయి, వార్త బయటికొచ్చిన గంటలోనే వోలటిలిటీ పడిపోయి ఆ జారుడు ఒక్కసారిగా జరిగిపోతుంది. అందుకే అలాంటి రోజుల్లో కొనేముందు మొత్తం ప్రీమియం చూసి బ్రేక్ ఈవెన్‌లు రెండూ కాగితం మీద రాసుకోండి.

షేర్ల ఆప్షన్లలో ఇదే బొమ్మ గీస్తే ఒక్క తేడా ఉంది. నిఫ్టీ ఆప్షన్లు నగదులో సెటిల్ అవుతాయి, షేర్లవి డెలివరీతో. స్ప్రెడ్‌లో షేరు ధర రెండు స్ట్రైక్‌ల మధ్య ముగిస్తే, కొన్న కాల్ ఎక్సర్‌సైజ్ అవుతుంది, అమ్మినది కాదు, లాట్ మొత్తం షేర్లకి మీరు డబ్బు కట్టాలి. గ్రాఫ్‌లో ఆ చోట లాభమో నష్టమో మాత్రమే కనిపిస్తుంది, కట్టాల్సిన లక్షలు కనిపించవు. అందుకే షేర్ల మీద స్ప్రెడ్ వేసినప్పుడు ఎక్స్‌పైరీ దాకా ఉంచకుండా ముందే రెండు లెగ్స్ కలిపి మూసేయండి.