నృత్య పదాల భావం ఇంగ్లీషులో చెప్పడం: మూడో పాఠం – భామ రాసిన ఉత్తరం

మొదటి రెండు పాఠాల్లో అష్టవిధ నాయికల పేర్లు, పదంలో పల్లవి, అనుపల్లవి, చరణాల పని చూశాం. ఇవాళ్టి నుంచి అసలు పని మొదలుపెడదాం. నాయకుడు వేదిక మీద ఉండడు. నాయిక అతనితోనే మాట్లాడుతూ ఉంటుంది. తెలుగు రాని ప్రేక్షకులకు ఆ మాటల వెనక ఉన్న మనసు నాట్యం మొదలయ్యే ముందు అర నిమిషంలో ఇంగ్లీషులో చెప్పాలి. దీనికి కూచిపూడి భామాకలాపం కంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. సిద్ధేంద్రయోగి కలాపంలో సత్యభామ దూరంగా ఉన్న కృష్ణుడికి ఉత్తరం రాస్తుంది కాబట్టి, ఎదుట లేని ప్రియుడితో మాట్లాడటమే ఇక్కడ కథ.

ఇంగ్లీషు వాక్యం మొదలుపెట్టే ముందు తెలుగులో మూడు ప్రశ్నలకు జవాబు రాసుకోవాలి. ఈ మాట ఎవరు ఎవరితో అంటున్నారు? అతను ఎందుకు దగ్గర లేడు? ఈ క్షణంలో ఆమెకు ఏం కావాలి? ఈ మూడూ తేలకుండా రాసిన పరిచయం ఏ పాటకైనా సరిపోతుంది, అంటే ఏ పాటకూ సరిపోదు.

మొదటి ప్రశ్నకు జవాబు మన క్రియల చివరే ఉంటుంది. వీణ కుప్పయ్యర్ శంకరాభరణ వర్ణం పల్లవి చూడండి: "సామి నిన్నే కోరి చాల మరులు కొన్నదిరా". చివర "రా" ఉంది కాబట్టి మాట వింటున్నది అతను. కానీ "కొన్నాను" కాదు, "కొన్నది". అంటే మాట్లాడుతున్నది నాయిక కాదు, ఆమె తరఫున వచ్చిన చెలికత్తె. దీన్ని "ఐ లాంగ్ ఫర్ యూ" అని పరిచయం చేస్తే మనిషే మారిపోతుంది. "షి లాంగ్స్ ఫర్ యూ, సేస్ హర్ ఫ్రెండ్" అనాలి. అలాగే మాట చివర "వే", "నే" లాంటివి వస్తే నాయిక సాధారణంగా చెలికత్తెతో చెప్పుకుంటోందని అర్థం. మనకు ఇవి వినగానే తెలిసిపోతాయి, అందుకే చెప్పడం మర్చిపోతాం. ఇంగ్లీషు క్రియలో ఈ గుర్తులు ఉండవు. కాబట్టి మొదటి వాక్యంలోనే ఎవరు ఎవరితో అన్నది పేర్లు పెట్టి చెప్పేయాలి.

ఇప్పుడు ఉత్తరం దగ్గరికి వద్దాం. అతను ఎందుకు దగ్గర లేడు? అలక. తాను, కృష్ణుడు కలిసి అద్దంలో చూసుకున్నప్పుడు ఇద్దరిలో ఎవరు అందంగా ఉన్నారన్న మాట మీద గొడవ వచ్చిందని ప్రదర్శనల్లో చెబుతారు. భామ తన అందమే గొప్పదంటుంది, ఆయన వెళ్లిపోతాడు. ఈ కారణం తెలిస్తేనే ఆమె దుఃఖం ఏ రకమో తెలుస్తుంది. భర్త పని మీద దూరదేశం వెళ్లినందుకు బాధపడే నాయిక ప్రోషితపతిక. ఆమె బాధలో తన తప్పు ఏమీ లేదు. గొడవపడి పంపేసి తర్వాత కుమిలిపోయే నాయిక కలహాంతరిత. ఆమె బాధలో పశ్చాత్తాపం ఉంటుంది, ఇంకా పూర్తిగా దిగని బింకం కూడా ఉంటుంది. భామ ఈ రెండో రకం. ఉత్తరం సాగేకొద్దీ బింకం కరిగి, రాక కోసం తపించే విరహోత్కంఠిత అవుతుంది. ఒకే ఘట్టంలో ఈ మార్పు జరుగుతుంది కాబట్టి మొత్తానికి "శాడ్" అని ఒక్క మాట అతికిస్తే నర్తకి చేసిన కష్టమంతా ప్రేక్షకుల కంటికి ఆనదు.

ఈ మార్పు నిలువెత్తున తెలియాలంటే ఉత్తరానికి ముందు జరిగింది గుర్తుంచుకోవాలి. ప్రవేశ దరువు "భామనే సత్యభామనే"లో ఆమె తన గొప్పతనం తానే చాటుకుంటుంది. ఆ తర్వాత చెలికత్తె మాధవి నీ భర్త పేరేమిటని అడిగితే సిగ్గుతో చెప్పలేక నలిగిపోతుంది. ఉత్తరం తీసుకెళ్లడానికి మాధవి ముక్కు బేసరి అడుగుతుంది, భామ ఇవ్వలేక ఇవ్వలేక ఇస్తుంది. అందం మీద గొడవపడిన మనిషి అందానికి పెట్టుకున్న నగ తీసి ఇస్తోంది. గర్వం ఎంతవరకు దిగిందో చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. నా మటుకు నేను ఈ ఘట్టం పరిచయంలో బేసరి మాట వదిలిపెట్టను.

ఉత్తరం మొదలు పొడవాటి సమాసాలతో, బిరుదులతో, రాణి రాయవలసిన మర్యాదతో ఉంటుంది. తర్వాత మన్మథుడు పెట్టే బాధ వస్తుంది. చివరికి వచ్చి ఏలుకొమ్మన్న వేడుకోలు మిగులుతుంది. మొదటి భాగంలో నర్తకి వెన్ను నిటారుగా ఉంటుంది, చేతిలో గంటం వేగంగా కదులుతుంది. మధ్యలో చేయి ఆగుతుంది, చూపు తాళపత్రం మీద నుంచి గుమ్మం వైపు పోతుంది. ఆ ఆగిన క్షణాల్లోనే సంచారి భావాలు నడుస్తాయి: గర్వం, వ్రీడ, చింత, ఔత్సుక్యం, దైన్యం. భరతుడు చెప్పిన 33లో ఇవి ఐదు మాత్రమే. ప్రేక్షకులకు ఈ పేర్లు చెప్పక్కర్లేదు. మీకు మాత్రం తెలియాలి, ఎందుకంటే ఒక్కోదానికి ఇంగ్లీషులో వేరే క్రియ కావాలి.

నామవాచకాలు వద్దు, క్రియలు రాయండి అని నేను పట్టుబట్టేది అందుకే. "ప్రైడ్, షైనెస్, యాంగ్జైటీ, లాంగింగ్" అని వరసగా చదివితే ఎవరి మనసులోనూ బొమ్మ కట్టదు. గర్వానికి "షి విల్ నాట్ సే షి వాజ్ రాంగ్" అనండి. వ్రీడకు "షి కెన్‌నాట్ బ్రింగ్ హర్‌సెల్ఫ్ టు సే హిజ్ నేమ్". చింతకు "షి వండర్స్ ఇఫ్ హి విల్ ఈవెన్ రీడ్ ఇట్". ఔత్సుక్యానికి "షి కీప్స్ లుకింగ్ ఎట్ ద డోర్". దైన్యానికి "షి స్టాప్స్ ఆర్గ్యూయింగ్ అండ్ జస్ట్ ఆస్క్స్". ఇవన్నీ నర్తకి శరీరంలో కనిపించేవే. విన్నవాళ్లు వేదిక మీద వాటిని వెతుక్కుంటారు, దొరుకుతాయి కూడా.

విరహంలో ఇతర భాషల ప్రేక్షకులు తప్పకుండా తికమకపడే చోటు చంద్రుడు. నర్తకి చంద్రుణ్ణి చూపించి మొహం తిప్పుకుంటుంది, గంధాన్ని తోసేస్తుంది, చల్లగాలికి ఒళ్లు ముడుచుకుంటుంది. మన కావ్య సంప్రదాయంలో విరహిణికి చల్లనివన్నీ కాలుస్తాయి. అతను పక్కన ఉన్నప్పుడు హాయినిచ్చినవే ఇప్పుడు లేని మనిషిని గుర్తుచేసి హింసిస్తాయి. ఈ సంగతి తెలియనివాళ్లు ఆమెకు ఆ రాత్రి నచ్చలేదేమో అనుకుంటారు. దీనికి ఒక్క వాక్యం చాలు: "వాట్ కూల్డ్ హర్ వెన్ హి వాజ్ హియర్, ద మూన్, ద శాండల్ పేస్ట్, ద బ్రీజ్, నౌ బర్న్స్ హర్." మన్మథుణ్ణి "క్యూపిడ్" అనడం కూడా నాకు నచ్చదు. ఆ పేరు వినగానే రెక్కలున్న బొద్దు పిల్లాడు గుర్తొస్తాడు, నవ్వు వస్తుంది, ఘట్టం చెడుతుంది. "కామ, ద గాడ్ ఆఫ్ డిజైర్, హూజ్ యారోస్ ఆర్ ఫ్లవర్స్" అంటే సరిపోతుంది.

మరో ప్రమాదం కృష్ణుడు వెళ్లిపోయాడని చెప్పే చోట ఉంది. "కృష్ణ హాజ్ లెఫ్ట్ హర్" అంటే అమెరికాలో, ఇంగ్లండులో పెరిగిన పిల్లలు కూడా కాపురం తెగిపోయిందనుకుంటారు. ఇది అలక. బంధం చెక్కుచెదరలేదు, అందుకే ఆమె రాయగలుగుతోంది. "హి ఈజ్ స్టేయింగ్ అవే" అంటే తిరిగొచ్చే దారి తెరిచి ఉంటుంది.

జీవాత్మ పరమాత్మల మాట ఎప్పుడు చెప్పాలని చాలామంది తల్లిదండ్రులు అడుగుతారు. ముఖ్యంగా చిన్నపిల్ల శృంగార పదం చేస్తున్నప్పుడు వాళ్లకు టెన్షన్ ఉంటుంది. భామాకలాపానికి ఆ వ్యాఖ్యానం ఉంది, అది తప్పు కాదు. కానీ మొదటి వాక్యమే "ద సోల్ యర్న్స్ ఫర్ గాడ్" అయితే అద్దం, గొడవ, బేసరి అన్నీ ఆవిరైపోతాయి. ఆత్మకు ముక్కు బేసరి ఇవ్వడానికి మనసొప్పకపోవడం ఏమిటని ప్రేక్షకుడికి అర్థం కాదు. శృంగారాన్ని శృంగారంగానే చూపాలని భరతనాట్యంలో బాలసరస్వతి గట్టిగా నిలబడ్డారు, ఆ విషయంలో నేను ఆమె పక్షమే. ముందు ఆడమనిషి మనసు చెప్పండి. తాత్వికార్థం చెప్పాలనిపిస్తే చివర ఒక్క వాక్యంలో చెప్పండి. పిల్ల వయసు దృష్ట్యా ఇబ్బంది ఉంటే ఘట్టం మార్చుకోవడం మంచిది, అర్థం మార్చడం కాదు.

ఇప్పుడు అన్నీ కలిపి రాద్దాం. చాలాచోట్ల వినిపించే పరిచయం ఇలా ఉంటుంది: "ఇన్ దిస్ ఐటమ్, సత్యభామ ఈజ్ శాడ్ అండ్ ఎక్స్‌ప్రెసెస్ హర్ లవ్ ఫర్ లార్డ్ కృష్ణ త్రూ ఎ లెటర్." ఇందులో అబద్ధం లేదు. అయితే గొడవ లేదు, మార్పు లేదు, చూడమని చెప్పినది లేదు. పైగా "లార్డ్" అనగానే ఉత్తరం ప్రార్థన అయిపోయింది. దాని బదులు:

"సత్యభామ హాజ్ క్వారెల్డ్ విత్ కృష్ణ, అండ్ హి ఈజ్ స్టేయింగ్ అవే. టునైట్ షి రైట్స్ టు హిమ్. షి బిగిన్స్ లైక్ ఎ క్వీన్, విత్ ఆల్ హిజ్ టైటిల్స్ అండ్ నాట్ ఎ వర్డ్ ఆఫ్ అపాలజీ. బట్ వాట్ కూల్డ్ హర్ వెన్ హి వాజ్ హియర్, ద మూన్, ద శాండల్ పేస్ట్, ద బ్రీజ్, నౌ బర్న్స్ హర్. బై ద ఎండ్ షి ఓన్లీ ఆస్క్స్ హిమ్ టు కమ్. టు సెండ్ ద లెటర్, షి గివ్స్ అప్ హర్ నోజ్ ఆర్నమెంట్. వాచ్ హర్ హ్యాండ్ వెన్ ఇట్ స్టాప్స్ రైటింగ్."

తొందరపడకుండా చదివినా అర నిమిషానికి కాస్త అటూ ఇటుగా పడుతుంది. ప్రతి వాక్యం నర్తకితో సరిచూసుకోండి. ఆమె బాణీలో బేసరి ఘట్టం ఆ రోజు చేయకపోతే ఆ వాక్యం తీసేయాలి. గంధం చూపకపోతే గంధం మాట కూడా తీసేయాలి. వేదిక మీద కనిపించనిది ముందే చెబితే ప్రేక్షకులు దానికోసం ఎదురుచూస్తూ కళ్ల ముందున్నది చూడరు. పరిచయం సరిపోయిందో లేదో తెలుసుకోవడానికి ఒక మార్గం ఉంది: తెలుగు రాని ఒకరికి చదివి వినిపించి, భామ ఎవరి మీద కోపంగా ఉందని అడగండి. "కృష్ణుడి మీద, తన మీద కూడా" అని వస్తే కలహాంతరిత వాళ్లకు అందినట్టే. "కోపమా, ఏడుస్తోంది కదా?" అంటే రెండో, మూడో వాక్యాలు మళ్లీ రాయండి.

అభ్యాసం: క్షేత్రయ్య హుసేని పదం "అలిగితే భాగ్యమాయె మరేమి" తీసుకోండి. పల్లవి వరకే చాలు. ఇక్కడ నాయకుణ్ణి "వాడు" అంటోంది కాబట్టి మాట చెలికత్తెతో, వినవలసినవాడు మాత్రం అతనే. అలిగింది ఎవరు? "పోతే పోనీ" అంటున్న గొంతు కింద ఏముంది? నలభై మాటలు మించకుండా ఇంగ్లీషులో పరిచయం రాయండి. "యాంగ్రీ", "శాడ్" అనే మాటలు వాడకూడదు. వచ్చే పాఠం ఈ పల్లవితోనే మొదలుపెట్టి చరణాల్లోకి వెళ్దాం.