మెథడ్స్ భాగం వేరేవాళ్లకు పనిచేసేలా ఎలా మార్చానంటే (నా అనుభవం)

తిరుపతిలో పీహెచ్‌డీ చేస్తున్నాను. తోతాపురి మామిడి తొక్కలోని ఫినాలిక్స్ మీద రాసిన పేపర్ రెండుసార్లు తిరిగొచ్చింది: 'ఈ వివరాలతో ప్రయోగం మళ్లీ చేయలేం.' భాష దిద్దించాను, పాత పేపర్ల పద్ధతిలో తిరగరాశాను, ఇంకా పొడిగించాను, లాభం లేకపోయింది.

చివరికి వేరే ల్యాబ్‌లోని జూనియర్‌కు ప్రయోగం ఎలా చేశామో చెప్పే ఆ మెథడ్స్ పేజీ ఒక్కటే ఇచ్చి, 'నన్నేమీ అడగొద్దమ్మా, ఆగిన చోట పెన్సిల్‌తో గీత పెట్టు' అన్నాను. మొదటి గీత సెంట్రిఫ్యూజ్ వేగం '5000 ఆర్‌పీఎం' అన్న దగ్గరే పడింది. 'అక్కా, మా రోటర్ మీదానికంటే పెద్దది కదా' అంది. నిజమే. ట్యూబు మీద పడే బలం వేగంతో పాటు రోటర్ వ్యాసార్థం మీద కూడా ఆధారపడుతుంది. ఆ బలం భూమ్యాకర్షణకు ఎన్ని రెట్లో 'జి'లలో చెప్పేదే RCF; వ్యాసార్థం r సెంటీమీటర్లలో ఉంటే లెక్క ఇది:

```
RCF = 1.118e-5 * r * rpm^2
```

మా రోటర్ 8.5 సెం.మీ., అంటే దాదాపు 2,376 జి. ఆమెది 15 సెం.మీ.; అదే వేగానికి 4,190 దాటుతుంది. అందుకే ఆర్‌పీఎం తీసేసి జి విలువ, ఎన్ని నిమిషాలు, ఎంత ఉష్ణోగ్రత అని రాశాను.

రెండో గీత 'రాత్రంతా ఆరబెట్టాం' దగ్గర. నోట్‌బుక్ తిరగేస్తే 50 డిగ్రీల ఓవెన్‌లో 16 గంటలు, బరువు మారడం ఆగేదాకా అని ఉంది. అదే పెట్టాను. తొక్క ముక్కల మందం మాత్రం ఎక్కడా రాసుకోలేదు; ఊహించి అంకె వేయకుండా, కొలవలేదనే రాశాను.

ఈసారి ఆ అభ్యంతరం రాలేదు. ల్యాబ్ పనికి ఇది సరిపోయింది గానీ, ఊళ్లలో చేసే సర్వేలకు ఎంతవరకు పనికొస్తుందో చెప్పలేను.